నల్లరేగడిలో జీ ప్లస్ వన్ ఇల్లు: ఆరడుగుల గుంత తీసి ఇసుక నింపితే చాలంటున్నారు, నిజమేనా?

రేగడి_ప్లాటు: మా స్థలం మొత్తం నల్లరేగడి. ఎండాకాలంలో చెయ్యి దూరేంత బీటలు పడతాయి. మేస్త్రీ ఏమో ఆరడుగులు తవ్వి, రెండడుగులు ఇసుక పోసి, పైన కాలమ్ ఫుటింగ్ వేద్దాం అంటున్నాడు. పక్క వీధిలో అన్ని ఇళ్లకీ కిటికీ మూలల నుంచి ఏటవాలు పగుళ్లు ఉన్నాయి, అందుకే టెన్షన్.

సుబ్బు_కాంట్రాక్ట్: మేస్త్రీ చెప్పింది కరెక్టే. రేగడి తీసేసి ఇసుక నింపడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే. ఇసుక ఉబ్బదు కదా, ఇంక ఇబ్బంది ఏముంది?

పునాది_పని: ఇసుక ఉబ్బదు, అంతవరకు నిజం. కానీ చుట్టూ నీళ్లు ఇంకని రేగడి, మధ్యలో ఇసుక గుంత ఉంటే వాన నీళ్లన్నీ అందులోకే దిగి నిలిచిపోతాయి. ఆ తడి కింద ఉన్న రేగడికి నెలల తరబడి అందుతూనే ఉంటుంది. ఇసుక బదులు ఉబ్బని బంకమొరం తెచ్చి, పొరలు పొరలుగా తడిపి రోలర్‌తో తొక్కిస్తే కొంత నయం, దానిలోకి నీళ్లు అంత తేలిగ్గా దిగవు.

అసలు ముందు తేల్చుకోవాల్సింది రేగడి ఎంత లోతు వరకు ఉందనేది. అయిదడుగుల్లో అయిపోయి కింద గట్టి మొరం తగిలితే ఫుటింగ్‌ని ఆ మొరంలో కూర్చోబెట్టండి, పెద్ద చిక్కుండదు. పదడుగులు దాటినా నల్లగానే వస్తుంటే ఆరడుగుల ఫుటింగ్ ఇంకా కదిలే మట్టిలోనే ఉన్నట్టు. మన దగ్గర లోతైన రేగడిలో సుమారు మూడున్నర మీటర్ల దాకా తడి ఆరడం, మళ్లీ తడవడం జరుగుతుందని లెక్క వేసుకుంటారు.

లక్ష్మి_గృహిణి: మా హాల్లో గోడకు వెంట్రుకంత సన్నటి గీతలు వచ్చాయి, పుట్టీ పెట్టి పెయింట్ వేయించాం, మళ్లీ వచ్చాయి. ఏ కంపెనీ పుట్టీ మంచిది?

పునాది_పని: లక్ష్మి గారూ, గీత ప్లాస్టరింగ్‌లోనే ఉందా, ఇటుక దాకా వెళ్లిందా చూడండి. ఎండాకాలంలో తెరుచుకుని వానల్లో మూసుకుంటుంటే పుట్టీతో పని లేదు, కింద మట్టి కదులుతోంది. పగులు రెండు వైపులా చెరో స్క్రూ బిగించి, వాటి మధ్య దూరం ప్రతి నెలా కొలిచి గోడ మీదే తేదీతో రాయండి. పైన వెడల్పు, కింద సన్నం అయితే సాధారణంగా ఇంటి అంచులు కుంగుతున్నట్టు. బయటి మట్టి ఎండి దిగిపోతుంది, ఇంటి మధ్యలో కింద తడి అలాగే ఉంటుంది.

రేగడి_ప్లాటు: మట్టి టెస్ట్ చేయించాను సార్. జల్లించిన మట్టి పది గ్రాములు కిరోసిన్‌లో, ఇంకో పది గ్రాములు నీళ్లలో వేసి ఒక రోజు వదిలేశారు. కిరోసిన్‌లో 12 మిల్లీలీటర్లు, నీళ్లలో 20 వచ్చింది. తొమ్మిదడుగుల దాకా తవ్వినా నల్లమట్టే.

పునాది_పని: కిరోసిన్‌లో ఈ మట్టి ఉబ్బదు కాబట్టి తేడా 8ని 12తో భాగించాలి, దాదాపు 67 శాతం. 50 దాటితే గట్టిగా ఉబ్బే మట్టే. ఇలాంటి మట్టి పైకి నెట్టే బలం రెండంతస్తుల ఇంటి బరువు కంటే ఎక్కువ ఉండొచ్చు, పెద్ద భవనాల కంటే చిన్న ఇళ్లే ఎక్కువ పగిలేది ఇందుకే.

మీకైతే అండర్ రీమ్డ్ పైల్స్ అడిగి చూడండి. 30 సెంటీమీటర్ల బోరు కనీసం మూడున్నర మీటర్లు దించి, కింద 75 సెంటీమీటర్లకు ఉల్లిగడ్డలా వెడల్పు చేస్తారు. పై మట్టి ఉబ్బి పైల్‌ని లాగినా ఆ గడ్డ కింద కదలని మట్టిలో పట్టుకుని ఉంటుంది. ఎండాకాలంలోనే వేయించండి, నీళ్లు ఊరితే గడ్డ దగ్గర గోడలు కూలతాయి. పైల్స్‌ని కలిపే బీమ్ కింద 8 సెంటీమీటర్ల ఖాళీ తప్పనిసరి. చాలా చోట్ల పైల్స్ బాగానే వేసి బీమ్‌ని మాత్రం నేల మీదే పోస్తారు, వానాకాలంలో మట్టి ఉబ్బి ఆ బీమ్‌నే ఎత్తుతుంది.

సుబ్బు_కాంట్రాక్ట్: బీమ్ కింద ఖాళీ విషయం ఒప్పుకుంటా. కానీ ఫ్లోరింగ్ సంగతి? అది మట్టి మీదే కదా ఉండేది.

పునాది_పని: మంచి ప్రశ్న అన్నా. గోడలు నిలిచి టైల్స్ లేచిన ఇళ్లున్నాయి. నేలకి కూడా బీమ్‌ల మీద ఆనే స్లాబ్ వేస్తే ఖాయం, ఖర్చు ఎక్కువ. లేదంటే కింద దాదాపు మీటరు మందం ఉబ్బని మొరం, కాస్త కదలికకు సిద్ధపడాలి.

వేపచెట్టు_ఇల్లు: మాది పాత ఇల్లు, పైల్స్ వేసే వీల్లేదు. బాత్రూమ్ మూల ఒక్కటే పగులుతోంది, ఆ పక్కనే పెద్ద వేపచెట్టు.

పునాది_పని: ముందు ఆ బాత్రూమ్ పైపు లీకేజీ చూడండి. ఒక మూల తడిసి మిగతావి ఎండితే ఇలాగే అవుతుంది. ఇంటి చుట్టూ రెండు మీటర్ల వెడల్పు అప్రాన్, అంటే గోడని ఆనుకుని సిమెంట్ చప్టా, నీళ్లు బయటికి పోయేలా వాలుతో వేయించండి. గోడవారన పూలమడి ఉంటే తీసేయండి. చెట్టు వేర్లు కింది తడిని పీల్చేస్తాయి, కొత్త చెట్టయితే దాని ఎత్తు ఎంత పెరుగుతుందో అంత దూరంలో నాటమంటాం. పాత చెట్టుని ఒక్కసారిగా కొట్టేస్తే అక్కడ తడి తిరిగి పెరిగి మట్టి పైకి లేస్తుంది. మీ చెట్టుని ఉంచాలా తీయాలా అన్నది ఇల్లు చూడకుండా చెప్పలేను.

రేగడి_ప్లాటు: మా ఇంజినీర్ పైల్స్ వద్దు, మందపాటి రాఫ్ట్, అంటే ఇల్లంతటి కిందా ఒకటే స్లాబ్ పునాది వేద్దాం అంటున్నాడు. ఇల్లంతా ఒకే పళ్లెంలా కదిలితే పగలదని ఆయన మాట.

పునాది_పని: ఆ మాటలో తప్పు లేదు, బీమ్‌లతో గట్టిగా డిజైన్ చేస్తే. ఉత్త మందం పెంచిన స్లాబ్ అయితే నేను ఒప్పుకోను. అంచు ఎంత లేస్తుందని లెక్క కట్టారో ఆయన్ని అడగండి, జవాబు వచ్చాక ఇక్కడ పెట్టండి.