‘ఏదోలా ఉందండి’ అన్నవాళ్లని ఇంకోసారి ఏమని అడగాలి?

మురళీనగర్ ఫోన్ డెస్క్: ఏసీ సర్వీసు షాపులో ఫోన్లు తీస్తాను. ‘ఏసీ సరిగ్గా లేదండి’ అంటారు. ఏమైందంటే ‘ఏదోలా ఉందండి’ అంటారు. మళ్లీ అడిగినా అదే మాట. ఇంకోసారి ఎలా అడగాలి? అడక్కుండా మనిషిని పంపేయాలా?

గాజువాక మెకానిక్: పంపేయండి. ఫోన్లో రోగం తేలదు. నేను వెళ్లి చూస్తే క్షణంలో తెలుస్తుంది.

ఎంవీపీ కాలనీ: రెండు మూడు ఆప్షన్లు ఇచ్చి అడగండి. చల్లదనం లేదా, నీళ్లు కారుతున్నాయా, చప్పుడా? ఒకటి ఎంచుకుంటారు, పని అయిపోతుంది.

పాత సూపర్‌వైజర్: ఆప్షన్లు మంచివే, కానీ కంగారులో ఉన్నవాళ్లు చివర విన్నదే చెప్పేస్తారు. అసలు చిక్కు ఏమిటంటే, మనం ‘ఎలా ఉంది’ అనే అడుగుతున్నాం. దానికి వాళ్ల దగ్గర మాటల్లేవు. అదే ప్రశ్న మూడు రకాలుగా తిప్పి అడిగితే మూడుసార్లూ అదే జవాబు వస్తుంది. ఏం జరిగిందో, ఎప్పుడు జరిగిందో అడగాలి.

ఎండాడ నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. ‘అదివరకటిలా లేదు బాబూ’ అన్నారు. ఎలా లేదంటే ‘బాగోలేదు’ అన్నారు. నేను దాన్ని వదిలేసి, ‘రాత్రి ఎన్నింటికి వేశారండీ? వేయగానే గది చల్లబడిందా?’ అని అడిగా. ‘తొమ్మిదికి. మొదటి గంట బాగానే ఉంది, తర్వాత గాలే సరిగ్గా రాలేదు’ అన్నారు. ‘ఆపేశాక గోడ మీద నీళ్లేమైనా కారాయా?’ ‘అవును, పొద్దున చూస్తే తడిసిపోయి ఉంది.’ అంటే లోపలి కాయిల్ మీద ఐస్ కడుతోందని అనుమానించొచ్చు. ఫిల్టర్ మూసుకుపోయి ఉండాలి, లేదా గ్యాస్ తగ్గి ఉండాలి. కుర్రాడితో క్లీనింగ్ సామానూ గ్యాస్ సిలిండరూ రెండూ పంపాను.

గాజువాక మెకానిక్: మీ అదృష్టం. అందరూ అలా చెప్పరు.

పాత సూపర్‌వైజర్: చెప్పకపోతే ఫోన్లోనే ఒక పని చేయించండి. 18లో పెట్టి పది నిమిషాలు ఆగమనండి. కంప్రెసర్ అందుకోవడానికే మూడు నిమిషాల దాకా పడుతుంది, కాబట్టి తొందరపెట్టొద్దు. తర్వాత బయటి యూనిట్ దగ్గర గాలి వేడిగా వస్తోందా అని అడగండి. ఫ్యాన్ తిరుగుతూ గాలి వేడిగా లేకపోతే కంప్రెసర్ అందుకోలేదేమో, అప్పుడు కెపాసిటర్ కూడా సంచిలో ఉండాలి. కానీ యూనిట్ బాల్కనీ బయట స్టాండు మీద ఉంటే వంగి చూడమని మాత్రం ఎప్పుడూ చెప్పొద్దు.

సీతమ్మధార గృహిణి: నాకిదే జరిగింది. ఒకమ్మాయి ‘ఏం ప్రాబ్లం మేడమ్’ అని అదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడిగింది. నాకేమీ తెలియదన్నట్టు మాట్లాడింది. చివరికి మనిషి వచ్చి, చూసి, ఈ పార్టు తేలేదన్నాడు. విజిటింగ్ చార్జీ మాత్రం తీసుకున్నారు.

ఎంవీపీ కాలనీ: అయితే మనం అనుకున్నది ముందే చెప్పి, ‘ఇది అనుకుని వస్తున్నాం, కాదంటే చెప్పండి’ అంటే సరిపోతుంది కదా.

పాత సూపర్‌వైజర్: ఆ మాట చెప్పాల్సిందే. దాని మీదే ఆధారపడితే మాత్రం ఇబ్బంది. మనవైపు పెద్దవాళ్లు మర్యాదకి ‘అవును బాబూ, అదే’ అనేస్తారు. అందుకే ముందు జరిగింది అడిగి, ఆ తర్వాత మన ఊహ చెప్పాలి.

గాజువాక మెకానిక్: ఇక్కడ అందరూ ప్రశ్నల గురించే మాట్లాడుతున్నారు. మధురవాడ దాకా ఎండలో వెళ్లి, పార్టు లేక వెనక్కొచ్చేది నేను. నా పెట్రోల్ ఎవరిస్తారు? కస్టమర్ తిట్టేది నన్ను, ఫోన్ తీసిన మనిషిని కాదు!

సీతమ్మధార గృహిణి: రెండోసారి వచ్చినప్పుడు నేనెందుకివ్వాలి? మీ దగ్గర పార్టు లేకపోవడం నా తప్పా?

పాత సూపర్‌వైజర్: ఇదీ అసలు గొడవ. కస్టమర్ ‘ఏదోలా ఉంది’ అన్నారు కాబట్టి రెండో చార్జీ వాళ్లదే అని షాపు అంటే నేనొప్పుకోను. తన ఏసీకి ఏమైందో తెలియకే ఆయన ఫోన్ చేశాడు. మెకానిక్ జేబులోంచి పోవడమూ న్యాయం కాదు. ఆ ఖర్చు షాపు పెట్టుకోవాలి. అప్పుడు ఫోన్లో మరో రెండు నిమిషాలు గడపడానికి యజమానే ఒప్పుకుంటాడు.

గాజువాక మెకానిక్: మా యజమాని ఒప్పుకోడు.

మురళీనగర్ ఫోన్ డెస్క్: మా షాపులో ఒక్కో ఫోన్ మూడు నిమిషాల్లో ముగించమంటారు. అంత తక్కువ టైంలో నాకు రెండే ప్రశ్నలు కుదురుతాయి. ‘వేయగానే చల్లబడిందా’, ‘ఆపేశాక నీళ్లు కారాయా’ తీసుకుంటున్నా. వాటికీ స్పష్టమైన జవాబు రాకపోతే ఇంక అడగను. ‘కారణం తేలలేదు, చూశాక అవసరమైతే పార్టు కోసం మళ్లీ రావాల్సి ఉంటుంది’ అని కస్టమర్‌కి ముందే చెప్తా, మెకానిక్ చీటీ మీద కూడా రాస్తా. రెండో చార్జీ సంగతి యజమానిని అడగాలి.

సీతమ్మధార గృహిణి: అడిగి, ఆ జవాబు ఇక్కడ రాయండి.