గిన్నె అడుగున ఏ మాట కొట్టాలి? ‘నిగారు’ మీద చర్చ

నెల్లిమర్ల గిన్నెలు: అందరికీ నమస్కారం. మాది చిన్న స్టీలు గిన్నెల యూనిట్. 0.5 మి.మీ. రేకు నుంచి సర్కిళ్ళు కోసి, ప్రెస్సులో లాగి, అంచు తీసి, బఫింగ్ చేసి అమ్ముతాం. ఇంటిపేరు పక్కన ‘స్టీల్స్’ అని తగిలించిన పేరుతో విజయనగరం, పార్వతీపురం సంతల వరకూ నడిచింది. ఇప్పుడు విశాఖలో ఒక వ్యాపారి మా సరుకు గల్ఫుకి పంపుతానంటున్నారు. తర్వాత మిగతా దేశాలకీ వెళ్ళాలని ఉంది. అచ్చ తెలుగు పేరు పెట్టాలని కోరిక. స్టీలు మెరుపుకి సరిపోతుందని ‘నిగారు’ అనుకున్నాం. అర్థంలో తేడా ఏమైనా ఉందా?

పాత నిఘంటువు: అర్థంలో తేడా లేదు. నిగ్గు, నిగారము, నిగనిగ, ఇవన్నీ ఒక తీగకి కాసినవే. నిగ్గు అంటే మెరుపు, దాంతోపాటు సారం కూడా. అందుకే ‘నిగ్గు తేల్చు’ అంటాం, పైపూత పోయాక మిగిలేది చూపించు అని. నికెల్ ఉన్న రేకుకి ఇంతకంటే మంచి మాట దొరకదు.

ఎగుమతి గుమస్తా: మాట మంచిదే, పేరుకి మాత్రం పనికిరాదు. గిన్నె అడుగున Nigaru అని కొడతారు కదా, అమెరికాలో ఎవరైనా మొదటి నాలుగు అక్షరాల దగ్గరే ఆగిపోతారు. నల్లజాతివారిని అవమానించే బూతుమాటకి అది మరీ దగ్గర. నిగ్గు, నిగనిగ అయితే ఇంకా ఘోరం. మన ఉద్దేశం ఏమిటో దుకాణం అరలో ఎవరూ అడగరు, సరుకు తీసి పక్కన పెడతారు. ఈ మొత్తం కుటుంబాన్నే వదిలేయాలి.

పాత నిఘంటువు: ఇది నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను, బాధగానే.

రాజాం కోడలు: ఏటండీ, స్టీలుకి తెలుగు మాట అడుగుతున్నారా? ఉక్కు ఉంది కదా. తుప్పు పట్టని ఉక్కు. మన విశాఖ ఉక్కు ఊరంతా తెలుసు.

నెల్లిమర్ల గిన్నెలు: అమ్మా, లోహానికి కాదు, మా సరుకుకి పేరు అడుగుతున్నాను.

రాజాం కోడలు: అయితే ‘ఉక్కు’ అనే పెట్టీండి మరి. పాతకాలం ఉక్కు విదేశాలకెళ్ళి ‘వూట్జ్’ అయిపోయిందని ఎక్కడో సదివాను.

బొబ్బిలి మాస్టారు: వూట్జ్ మూలం దక్షిణాది ‘ఉక్కు’ అనే చాలామంది చెబుతారు, ఆ మాట సబబే. కానీ ఉక్కు గిన్నెకి ‘ఉక్కు’ అని పేరు పెడితే ట్రేడ్‌మార్క్ రాదు. 1999 చట్టం 9వ సెక్షన్ ప్రకారం సరుకు రకాన్ని, గుణాన్ని చెప్పే మాటని ఒకరికే రాసివ్వరు. రేపు పక్క యూనిట్ వాడు కూడా ‘ఉక్కు గిన్నె’ అని రాసుకోవాలి కదా.

జీడిపప్పు వ్యవహారం: అది ఇంగ్లీషు మాటలకే వర్తిస్తుంది మాస్టారూ. తెలుగు మాట ఏదైనా కొత్తగానే చూస్తారు.

బొబ్బిలి మాస్టారు: సగం నిజం. ఇంగ్లీషు, హిందీ కాని మాట పెడితే దరఖాస్తులోనే దాని లిప్యంతరీకరణ, అర్థం రాయమంటారు. అర్థం రాయగానే పరీక్షకుడికి విషయం తెలిసిపోతుంది. మన రాష్ట్రం దరఖాస్తులు చెన్నై కార్యాలయానికి వెళ్తాయి, అక్కడ తెలుగు చదివేవాళ్ళూ ఉంటారు. ‘గిన్నె’, ‘ఉక్కు’ లాంటివి ఏ భాషలో రాసినా గిన్నె, ఉక్కే. ‘మెరుపు’ కొంచెం మెరుగు, అది సరుకుని నేరుగా చెప్పకుండా తలపుకి తెస్తుంది. దాని మీద వాదించుకోవచ్చు.

నెల్లిమర్ల గిన్నెలు: అయితే మెరుపు?

ఎగుమతి గుమస్తా: మీ మొదటి బజారు గల్ఫు కదా. అరబ్బీలో ప అక్షరం లేదు, దాన్ని బ చేస్తారు. మెరుపు అక్కడ ‘మెరుబు’ అవుతుంది. అంతకంటే పెద్ద చిక్కు, ఆ లిపిలో పొట్టి అచ్చులు మామూలుగా రాయరు. మ, ర, బ అని హల్లులే కనిపిస్తాయి, మధ్యలో ఏ అచ్చు పలకాలో కొత్తవాడికి తెలియదు. అందుకే గల్ఫు పేరుకి రెండు, మూడు అక్షరాలు చాలు, అందులో ఒకటైనా దీర్ఘం ఉండాలి. దీర్ఘాన్ని వాళ్ళు రాస్తారు.

రాజాం కోడలు: ‘తళుకు’?

పాత నిఘంటువు: మనకి చాలా ఇష్టమైన ళ ఇంగ్లీషు అక్షరాల్లో బతకదు. Taluku అని రాస్తే మన జిల్లావాళ్ళే ‘తాలూకు’ అని చదివి, ఎమ్మార్వో ఆఫీసు గిన్నెలా అంటారు. త కోసం Th వేస్తే బయటివాళ్ళు దాన్ని ‘థ’లా పలుకుతారు.

నెల్లిమర్ల గిన్నెలు: పాత్రల పేర్లలోంచి ఏదైనా? చెంబు, డబరా, మరచెంబు? ఇంట్లో పిల్లలకి ‘చెంబు’ నచ్చింది.

పాత నిఘంటువు: చెంబు అసలు అర్థం రాగి. చెం అంటే ఎరుపు, అందులోంచే. మనం ఆ అర్థాన్ని మరిచిపోయాం, పాత్రనే చెంబు అంటున్నాం. తమిళంలో మాత్రం ‘సెంబు’ ఇప్పటికీ రాగి.

బొబ్బిలి మాస్టారు: అందువల్ల స్టీలు సరుకు మీద ‘చెంబు’ అని వేసి చెన్నైలో అమ్మితే రాగి అనుకునే ప్రమాదం ఉంది. కొనేవాణ్ణి తప్పుదారి పట్టించే గుర్తుని కూడా చట్టం ఒప్పుకోదు. ఒకవైపు పాత్ర పేరే, మరోవైపు లోహం పేరు అబద్ధం. రెండు వైపులా దెబ్బ.

జీడిపప్పు వ్యవహారం: మన జిల్లా గుర్తుంటుంది కదా, ‘బుడితి’ అని పెట్టండి. ఊరు పేరు ప్రపంచానికి తెలుస్తుంది.

బొబ్బిలి మాస్టారు: వద్దు బాబూ. బుడితి కంచు, ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు ఉంది, అది ఆ పనివాళ్ళ ఉమ్మడి ఆస్తి. స్టీలు గిన్నె మీద ఆ పేరు వేస్తే గొడవ ఖాయం. నాగావళి, వంశధార కూడా ప్రాంతాన్ని చెప్పేవే కాబట్టి అభ్యంతరం రావచ్చు. పైగా అన్ని అక్షరాలు గిన్నె అడుగున ఎక్కడ పడతాయి?

బఫింగ్ చెయ్యి: ఆ చివరి ముక్క మీద నేను చెబుతాను, ఇక్కడ ఎవరూ దాని జోలికి పోలేదు. పేరు ఎంచేటప్పుడు కాగితం మీద కాదు, అడుగు మీద చూసుకోవాలి. అర లీటరు గిన్నె అడుగున గుర్తు వెడల్పు సుమారు 12 మి.మీ. వస్తే మంచిగా కనిపిస్తుంది. అందులో నాలుగైదు ఇంగ్లీషు అక్షరాలు చక్కగా పడతాయి, పది అక్షరాలు వేస్తే ఒక్కొక్కటి మిల్లీమీటరుకి వచ్చి బఫింగ్ మసి పట్టి మూసుకుపోతుంది. తెలుగు లిపిలో ఒత్తులు, గుడులు, సున్నాలు ఇంకా త్వరగా నిండుతాయి. 0.5 మి.మీ. రేకు మీద పంచ్ గట్టిగా కొడితే లోపల బొడిపె లేస్తుంది, అక్కడ అన్నం పట్టుకుంటుంది. నెమ్మదిగా కొడితే ఆఖరి బఫింగ్‌లో చెరిగిపోతుంది.

నెల్లిమర్ల గిన్నెలు: లేజరు?

బఫింగ్ చెయ్యి: బఫింగ్, కడగడం అయ్యాకే లేజరు పెట్టాలి. వేడి ఎక్కువ పెట్టి లోతుగా కాలిస్తే ఆ గీతల వెంబడే తుప్పు మొదలవుతుంది, 202 రకం స్టీలులో మరీను. ముందు పది గిన్నెల మీద వేసి, ఉప్పు నీళ్ళలో రెండు మూడు రోజులు ఉంచి, గీతలు గోధుమరంగు తిరిగాయో లేదో చూడండి. తిరిగితే పవర్ తగ్గించి మళ్ళీ వేయాలి. ఆ పది గిన్నెలూ అమ్మొద్దు. ఇంకొక మాట, రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ® గుర్తు వేయకూడదు, చట్టం ఒప్పుకోదు. ™ వేసుకోవచ్చు.

పాత నిఘంటువు: పొట్టి పేరు, దీర్ఘం, ప లేకుండా, ళ లేకుండా, సరుకుని నేరుగా చెప్పకుండా. అయితే ‘సాన’ చూడండి. మెరుగు పెట్టే రాయి అది, సంస్కృతం ‘శాణము’ నుంచి వచ్చింది. సానబట్టడం అంటే రాపిడితో మెరుగు తేవడం, మీ బఫింగ్ కూడా అదే. హిందీలోనూ ‘సాన్’ అంటే అదే రాయి.

రాజాం కోడలు: సాన! మా వైపు ‘సానా’ అంటే చాలా అని. సానా బాగుంది, పెట్టీండి.

ఎగుమతి గుమస్తా: నాకూ నచ్చింది. అరబ్బీలో ‘సనా’ అంటే వెలుగు, తళుకు. స్పానిష్‌లో sana అంటే ఆరోగ్యంగా ఉన్నది. చెడ్డ అర్థం నాకైతే కనిపించడం లేదు. కానీ మంచి అర్థమే ఇబ్బంది పెట్టొచ్చు. స్పెయిన్, మెక్సికోలో వంట సామానుకి ‘ఆరోగ్యకరం’ అన్నట్టే ఉంటుంది, అక్కడి పరీక్షకుడు వర్ణన అనొచ్చు. అరబ్బీలో ఆడపిల్ల పేరు కూడా, కాబట్టి ఇతరులు ముందే తీసుకుని ఉండొచ్చు.

జీడిపప్పు వ్యవహారం: అప్పుడు స్పెల్లింగు మార్చేయండి. Saana అని రెండు a లు వేస్తే కొత్త పేరే.

బొబ్బిలి మాస్టారు: అవదు బాబూ. పోలిక చెవితో చూస్తారు. Sana, Saana, Sanaa వాళ్ళకి ఒకటే. అందుకే ట్రేడ్‌మార్క్ సైటులో Public Search కి వెళ్ళి, Wordmark తో ఆగకుండా Phonetic కూడా చూడాలి. గిన్నెలకి 21వ తరగతి. చెంచాలు, ఫోర్కులు కూడా చేద్దామనుకుంటే 8వది. ఒక్కొక్క తరగతికి విడిగా రుసుము. చిన్న యూనిట్‌గా ఉద్యమ్ ధ్రువపత్రం చూపిస్తే ఆన్‌లైన్‌లో తరగతికి 4,500 రూపాయలు, లేకపోతే 9,000.

జీడిపప్పు వ్యవహారం: స్పెల్లింగు మాట నేను ఎందుకన్నానంటే, మా దగ్గర బోర్డు మీద ఒకటి, బ్యాంకు ఖాతాలో ఇంకొకటి, ఇన్‌వాయిస్ మీద మూడోది ఉండి, ఎగుమతి డబ్బుకి బ్యాంకు ఇచ్చే హామీ, ఆ ఎల్‌సీ కాగితాలు వెనక్కి వచ్చాయి. పేరులో ఒక్క h తేడా.

బొబ్బిలి మాస్టారు: అది పేరు ఎంపిక కాదు, కాగితం క్రమశిక్షణ. కానీ ఉపయోగమైన మాటే. సంస్థ పేరు పాతదే ఉంచండి, ఎగుమతి కోడ్ ఐఈసీ, బ్యాంకు, జీఎస్టీ అన్నీ దాని మీదే నడవనివ్వండి. ‘సాన’ని బ్రాండుగా మాత్రమే పెట్టండి. రేపు బ్రాండు పోయినా లైసెన్సులు కదలవు.

నెల్లిమర్ల గిన్నెలు: ఇతర దేశాలకి మళ్ళీ మళ్ళీ దరఖాస్తు చేయాలా?

బొబ్బిలి మాస్టారు: 2013 నుంచి మనం మాడ్రిడ్ ప్రోటోకాల్‌లో ఉన్నాం. ఇక్కడి దరఖాస్తు ఆధారంగా చాలా దేశాలకి ఒకేసారి పెట్టవచ్చు. కానీ మొదటి 5 ఏళ్ళలో ఇక్కడి పునాది పోతే అక్కడివీ కూలుతాయి. కాబట్టి ఇక్కడ బలహీనమైన పేరుతో వెళ్ళకండి. ‘సాన’ ఒక్కటే అయితే బలహీనమేనని నా అనుమానం.

పాత నిఘంటువు: ఒంటరి సాన బలహీనమైతే ‘ఒరగల్లు’ ఉంది. బంగారాన్ని పరీక్షించే రాయి.

ఎగుమతి గుమస్తా: ఓరుగల్లు అనుకుంటారు. వరంగల్ గిన్నెలైపోతాయి మీవి.

బఫింగ్ చెయ్యి: పైగా Oragallu ఎనిమిది అక్షరాలు. నా పంచ్‌కి పట్టదు.

నెల్లిమర్ల గిన్నెలు: ఇప్పుడే Phonetic లో 21వ తరగతికి Sana కొట్టి చూశాను. జాబితా ఒక పేజీలో ఆగడం లేదు. ఏవి బతికి ఉన్నాయో, ఏవి వదిలేసినవో ఒక్కొక్కటి తెరిచి రాసుకుంటాను. ఈలోగా మాస్టారూ, సాన ముందో వెనకో ఇంకొక అక్షరం తగిలించి అసలు అర్థం పోని మాట ఏదైనా తడితే చెప్పండి. ‘సానవి’ మాత్రం వద్దు, మా అన్నయ్య కూతురు పేరు.