‘దొకి దొకి’కి తెలుగులో ఏమి రాయాలి?

సుధీర్: మా మేనకోడలి కోసం ఒక మాంగాలోని, అంటే జపనీస్ బొమ్మల కథలోని, కొన్ని పుటలను సరదాగా తెలుగు చేస్తూ ఒక పుట దగ్గర ఆగిపోయాను. బడిలో చెప్పులు పెట్టుకునే అర తెరిచిన అమ్మాయికి అందులో ఒక ఉత్తరం కనిపిస్తుంది. మొదటి గడిలో ‘దొకిత్’ అని ఒక్కసారి, రెండో గడిలో చిన్న అక్షరాలతో ‘దొకి దొకి’ అని, మూడో గడిలో అవే అక్షరాలు గీత దాటి పక్క బొమ్మలోకి పొర్లిపోయేంత పెద్దగా ఉన్నాయి. ‘ఆమె గుండె వేగంగా కొట్టుకుంది’ అని రాసి చూశాను. అర్థం సరిపోయింది కానీ పుట చచ్చిపోయింది. ఏమి రాయమంటారు?

రామ్మోహన్: ఇందులో చిక్కేముంది? ఇలాంటి మాటలు తెలుగులో కొల్లలుగా ఉన్నాయి. దొకి దొకి అంటే దడదడ, పిక పిక అంటే తళతళ. పట్టిక తయారు చేసుకుని ఒకదాని స్థానంలో ఒకటి పెట్టుకుంటూ పోవడమే.

వాసంతి: మా మనవడు పికాచూ బొమ్మను చూసి రోజంతా ‘పిక పిక’ అంటుంటాడు. అది దాని అరుపు కదా, దానికి అనువాదం ఎందుకండీ?

పద్మజ: వాసంతి గారూ, అది అరుపే, కానీ ఉత్త అరుపు కాదు. పిక అనేది మెరుపును తలపించే మాట, చూ అనేది ఎలుక కిచకిచ. ఆ రెండూ కలిపిన పేరు వినగానే జపాన్ పిల్లలకు మెరిసే ఎలుక స్ఫురిస్తుంది. మన పిల్లలకు అది పేరు మాత్రమే. పైగా మన చెవికి పిక పిక అంటే పకపక నవ్వే గుర్తుకొస్తుంది.

రామ్మోహన్ గారు చెప్పినది సగం నిజం. మాటలు మనకున్నాయి, కానీ వాటి హద్దులు వేరు. తోమిన గిన్నెకు తళతళ సరిగ్గా అతుకుతుంది. అయితే జపాన్‌లో ఏప్రిల్‌లో కొత్తగా ఒకటో తరగతిలో చేరే పిల్లవాడిని కూడా ‘పిక పిక’ అంటారు, నున్నటి బట్టతలనూ అంటారు. ‘తళతళలాడే ఒకటో తరగతి పిల్లవాడు’ అంటే మనవాళ్ళు సబ్బు ప్రకటన అనుకుంటారు. అక్కడ కొత్తదనాన్నే మరో మాటతో చెప్పుకోవాలి. ఒకే ధ్వని వేరే అర్థంలోకి జారిపోవడం మరో ప్రమాదం: కిర కిర నక్షత్రాల మెరుపు, అందులోని ‘క’ను ‘గ’గా బరువుగా పలికితే గిర గిర, అంటే కళ్ళు చెదిరే ఎండ, ఆశతో మండే చూపు. గిరగిర అనగానే మన పాఠకుడి తలలో బొంగరం తిరుగుతుంది.

రామ్మోహన్: అది ఒప్పుకుంటాను. మరి దొకి దొకి సంగతి?

పద్మజ: దొకి దొకికి భయమూ ప్రేమా పరుగూ అన్నీ సమానమే, ఏ భావమో ముఖం చెబుతుంది. దడ మాత్రం మనకు భయం వైపు మొగ్గుతుంది. సుధీర్ గారి పుటలో అసలు పని చేస్తున్నది ఒకే మూలం మూడు గడుల్లో పెరుగుతూ రావడం. ‘దొకిత్’ చివర ఊపిరి ఆగినట్టు తెగిపోతుంది, జంటగా వస్తే కొట్టుకోవడం మొదలైనట్టు. తెలుగులో ‘గుభేలు’, ‘గుబగుబ’ ఒకే మూలంలా వినిపిస్తాయి కానీ రెండూ పూర్తిగా భయానివే. ‘ఝల్లు’ ప్రేమకు చక్కగా ఒదుగుతుంది కానీ జంట చేస్తే ‘ఝల్ ఝల్’ అని గజ్జెలు మోగుతాయి! అందుకే నేనైతే ‘దడ్’, ‘దడదడ’, ‘దడదడదడ’ అని పెంచుకుంటూ పోతాను.

మీ మొదటి వాక్యం చచ్చిపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ‘కొట్టుకుంది’ అంటే బయటినుంచి ఎవరో చెప్పిన వార్త అవుతుంది. బొమ్మలోని అక్షరం ఆ అమ్మాయి గుండెలోంచి వస్తుంది. వాక్యంలో మనం ‘దడదడమని’, ‘ఝల్లుమంది’, ‘తళతళలాడింది’ అని ఒక తోక తగిలిస్తేనే ఈ మాటలు నిలబడతాయి, తోకలేకుండా ఒంటరిగా చూడటం మనకు ‘ఢాం’ వంటి చప్పుళ్ళకే అలవాటు. ఆ అలవాటును కొంచెం మార్చాల్సిందే.

సుధీర్: అక్షరాలు బొమ్మతో కలిపి గీసి ఉన్నాయి. చెరిపి మళ్ళీ గీయాలంటే కింద జుట్టు, గోడ అన్నీ పూడ్చాలి.

పద్మజ: మీకు గీత రాకపోతే జపనీస్ అక్షరాలను ఉంచి, పక్కన చిన్నగా ‘దడదడ’ రాయండి. చాలామంది ఆ పనే చేస్తారు. మూడో గడిలో పరిమాణమే మాట కాబట్టి ఆ ఒక్కదాన్ని మాత్రం తిరగగీయడం మేలు.

రామ్మోహన్: భయం వైపు మొగ్గే ‘దడ్’ నాకింకా నచ్చలేదు. నేనైతే ‘ఝల్లు’తో మొదలుపెట్టి, పోలిక పోయినా పోనిమ్మంటాను.

సుధీర్: తర్వాతి పుటలో అమ్మాయి ఉత్తరం మడిచేసరికి గది ఖాళీగా ఉంది, ‘షీన్’ అని పొడుగ్గా ఉంది.

పద్మజ: అది నిశ్శబ్దం చేసే చప్పుడు. ‘నిశ్శబ్దం’ అని రాస్తే మళ్ళీ వార్తే.

వాసంతి: ‘గప్‌చుప్’ అంటే?

పద్మజ: అది నోరు మూసుకోమనడం అవుతుందండీ. నాకూ మాట దొరకలేదు.