అప్‌డేట్: కలెక్టర్ వోల్టేజి మైనస్‌లో ఎందుకు వచ్చిందో తెలిసింది

నా ప్రశ్న: "బొమ్మలో ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్ ఎమిటర్ గ్రౌండ్‌కు, బేస్ 43 కిలోఓమ్‌ల ద్వారా 5 వోల్టులకు, కలెక్టర్ 2 కిలోఓమ్‌ల ద్వారా 10 వోల్టులకు కలిపి ఉన్నాయి. బీటా 100. కలెక్టర్ వోల్టేజి మైనస్ 10 వస్తోంది. లెక్క ఎక్కడ తప్పింది?"

కూడికలు, గుణకారాలు తప్పలేదు. ట్రాన్సిస్టర్ యాక్టివ్ స్థితిలో ఉందన్న నా ఊహే తప్పింది. బేస్ వద్ద 0.7 వోల్టులు పోగా మిగిలిన 4.3 వోల్టుల వల్ల 0.1 మిల్లీఆంపియర్ ప్రవహిస్తుంది. దాన్ని బీటాతో గుణించి కలెక్టర్ కరెంటు 10 మిల్లీఆంపియర్లని నేను రాసుకున్నాను. కానీ 2 కిలోఓమ్‌ల మీద అంత కరెంటు పారాలంటే 20 వోల్టులు కావాలి, సర్క్యూట్‌లో ఉన్నవి పదే. కలెక్టర్ వోల్టేజి బేస్ కంటే బాగా కిందికి దిగితే బేస్-కలెక్టర్ జంక్షన్ కూడా ఫార్వర్డ్ బయాస్‌లోకి వెళ్తుందనీ, అప్పుడు బీటా సూత్రం వర్తించదనీ నేను గమనించలేదు.

సాచురేషన్ అనుకుని, కలెక్టర్ వద్ద 0.2 వోల్టులు తీసుకుని మళ్లీ చేస్తే 4.9 మిల్లీఆంపియర్లు వచ్చాయి. ఇది బేస్ కరెంటుకు 49 రెట్లు మాత్రమే, బీటా అయిన 100 కంటే తక్కువ. కాబట్టి ఈ ఊహ నిలిచింది. నాకు ఎంతో సంతృప్తినిచ్చినది ఈ సరిచూసుకోవడమే. ఇవే విలువలతో కలెక్టర్ రెసిస్టర్ 980 ఓమ్‌ల కంటే తక్కువగా ఉంటే మాత్రం ట్రాన్సిస్టర్ యాక్టివ్‌లోనే ఉండేది.