టీడీఎస్ పోను వేసిన డబ్బు లెక్క ఈ మెసేజ్‌లో అర్థమవుతోందా?

కూకట్‌పల్లిలో ఒక క్లినిక్‌కి అకౌంట్స్ చూస్తాను. ప్లాన్లు గీసిన ఆర్కిటెక్ట్ గారి బిల్లులో ఫీజు 60,000, జీఎస్టీ 10,800, మొత్తం 70,800. "టీడీఎస్ 10 శాతం పోను 64,800 వేశాం" అని పంపాను. ఆయన 70,800 మీద 10 శాతం తీసి, 63,720 కదా రావాలి, ఏంటీ తేడా అని ఫోన్ చేశారు. బిల్లులో జీఎస్టీ విడిగా చూపితే టీడీఎస్ ఫీజు మీదే పడుతుందని నేను రాయకపోవడం వల్లే ఈ గందరగోళం.

ఇలా మార్చాను:

"సార్, మీ ఫీజు 60,000లో 10 శాతం, అంటే 6,000, టీడీఎస్‌గా మీ పాన్ మీద ప్రభుత్వానికి కడుతున్నాం. మిగిలిన 54,000కి జీఎస్టీ 10,800 పూర్తిగా కలిపి 64,800 మీ ఖాతాలో వేశాం. ఆ 6,000 మీ రిటర్న్‌లో పన్ను కింద చూపించుకోవచ్చు."

ఆయన పెద్దాయన, మేం డబ్బు కోసుకున్నామని అనిపించకూడదు. ఖాతాలో పడిన 64,800 ముందు చెప్పి, తర్వాత లెక్క రాస్తే నయమా?