బోరు నీళ్ల నోటీసు: రెండు తిరగరాతల్లో ఏది పంపాలి?

చండూరు పోరడు:
ఒక పేరా మీద మీ అందరి మాట కావాలి. మా దగ్గర ఒక ఊళ్లో భగీరథ పైపులైను రిపేరు ఉంది, మూడు రోజులు నల్లాలు బందు. పంచాయతీ వాళ్లు రాసిన నోటీసు ఇది:

'గ్రామ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, మిషన్ భగీరథ ప్రధాన పైపులైను మరమ్మతుల నిమిత్తము ఈ నెల 12 నుండి 14వ తేదీ వరకు నీటి సరఫరా నిలిపివేయబడును. గ్రామములోని బోరుబావుల నీటియందు ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితికి మించి యున్నందున సదరు నీటిని త్రాగుటకు, వంటకు వినియోగించరాదు. మరిగించుట వలన ఫ్లోరైడ్ తొలగదు. ఉదయం 7 గంటలకు, సాయంత్రం 5 గంటలకు పంచాయతీ కార్యాలయము వద్ద ట్యాంకరు ద్వారా నీరు సరఫరా చేయబడును.'

దీన్ని మామూలు భాషలో రాసిమ్మని అడిగారు. గోడకు అంటిస్తారు, మైకులో కూడా చదువుతారు. వాళ్లు చెప్పిన ఉద్దేశం ఒక్కటే, ఆ మూడు రోజులు ఏ ఇంట్లోనూ తాగడానికి గానీ వంటకు గానీ బోరు నీళ్లు వాడకూడదు. ఇద్దరం విడివిడిగా రాశాం. ఏది ఎవరిదో చెప్పను, చెబితే మొహమాటం ఓట్లు పడతాయి.

ఒకటోది: 'అందరికీ నమస్కారం. భగీరథ పైపులైను రిపేరు వల్ల 12 నుంచి 14 వరకు నల్లా నీళ్లు రావు. అయినా ఇబ్బంది లేకుండా పొద్దున 7 గంటలకు, సాయంత్రం 5 గంటలకు పంచాయతీ ఆఫీసు దగ్గరికి ట్యాంకర్ వస్తుంది. మన బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి వీలైనంత వరకు వాటిని తాగకుండా జాగ్రత్త పడండి. సహకరించగలరు.'

రెండోది: '12, 13, 14 తేదీల్లో నల్లా నీళ్లు రావు. ఈ మూడు రోజులు బోరు నీళ్లు తాగొద్దు. వాటితో అన్నం, పప్పు వండొద్దు, చాయ్ పెట్టొద్దు. కాగబెట్టినా ఫ్లోరైడ్ పోదు. తాగితే ఎముకలు వంకర పోతాయి. స్నానానికి, బట్టలకు, గిన్నెలకు వాడుకోవచ్చు. పంచాయతీ ఆఫీసు దగ్గరికి పొద్దున 7 గంటలకు, సాయంత్రం 5 గంటలకు ట్యాంకర్ వస్తుంది, తాగే నీళ్లు, వంట నీళ్లు అక్కడే పట్టుకోండి.'

ఏది పంపాలి, ఎందుకు? కలిపి మూడోది రాయండి అని మాత్రం అనకండి, ముందు ఈ రెండిట్లో ఒకటి తేల్చాలి.

పద్యాల సారు:
నిస్సందేహంగా ఒకటోది. తెలుగు అంటే అట్లా ఉండాలి, నమస్కారంతో మొదలై సహకారంతో ముగిసింది. రెండోదాంట్లో తాగొద్దు, వండొద్దు, పెట్టొద్దు అని వరసగా గదమాయింపులే. ఊరి పెద్దలు కూడా వినే మాట అది, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెబితే ఎట్లా?

మిర్యాలగూడ చాయ్:
నాదీ ఒకటో దానికే ఓటు. నోటీసు ఎంత చిన్నగా ఉంటే అంత మంచిది. మా అపార్టుమెంటులో లిఫ్టు బందు పెట్టినప్పుడు పెద్ద కాగితం అంటిస్తే ఒక్కడూ చదవలేదు, రెండు లైన్లు రాస్తే అందరూ చదివారు.

నకిరేకల్ టీచరమ్మ:
చిన్నగా ఉండాలన్న మాట సగమే నిజం తమ్మీ. లిఫ్టు బందు అంటే తెలియాల్సింది ఒక్కటే, పనిచేయదు, మెట్లెక్కు. ఇక్కడ జనానికి ముందే ఒక నమ్మకం ఉంది, నీళ్లు కాగబెడితే ఏ దోషమైనా పోతుందని. డాక్టర్లూ, మేమూ ఏళ్ల తరబడి అదే చెప్పాం, కాచి చల్లార్చి తాగండి అని. క్రిముల విషయంలో అది సరైన సలహానే. ఫ్లోరైడ్‌కు మాత్రం పనికిరాదు. పంచాయతీ వాళ్ల పాత పేరా ఎంత బండగా ఉన్నా ఆ మాట చెప్పింది. ఒకటో తిరగరాత దాన్ని కొట్టేసింది. కొట్టేయడంతో పేరా చిన్నదైంది, చదవడానికి హాయిగానూ ఉంది, కానీ చదివిన మనిషి పాత నమ్మకంతోనే పొయ్యి మీద గిన్నె పెడుతుంది.

పాత ఇంజినీరు:
మేడమ్ చెప్పినదానికి ఇంకొక్క మాట. కాగబెడితే పోకపోవడమే కాదు, ఆవిరయ్యేది నీళ్లు, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉంటుంది. ఎక్కువసేపు మరిగిస్తే మిగిలిన నీళ్లలో దాని మోతాదు ఇంకా పెరుగుతుంది. వంట సంగతీ అంతే, అత్తెసరు పెడితే ఎసరంతా అన్నంలోకే ఇంకుతుంది, నీళ్లలో ఉన్నదంతా పళ్లెంలోకి వస్తుంది. అందుకే వంట అన్న మాట నోటీసులో ఉండి తీరాలి. ఒకటోదాంట్లో తాగకండి అని మాత్రమే ఉంది. తాగడం వేరు, వండటం వేరు అనుకునే ఇళ్లు ఎన్నో చూశాను. బిందె నీళ్లు పక్కన పెట్టి తాగుతారు, పప్పు మాత్రం బోరింగు నీళ్లతో ఉడికిస్తారు.

మిర్యాలగూడ చాయ్:
అన్నా, మరి పటిక వేస్తే పోతుంది కదా? నల్గొండ పద్ధతి అని మన జిల్లా పేరు మీదే ఉంది. అది రాస్తే ట్యాంకర్ కోసం లైన్లో నిలబడే బాధ ఉండదు.

పాత ఇంజినీరు:
పద్ధతి నిజమే. నాగపూర్‌లోని నీరి సంస్థ వాళ్లు 1970ల్లో తయారు చేసింది. నీళ్లలో సున్నం, బ్లీచింగ్ పౌడరు, పటిక కలిపి బాగా తిప్పి, మడ్డి అడుగుకు చేరేదాకా ఆగి పైన తేరిన నీళ్లు తీసుకోవడం. అయితే పటిక ఎంత వేయాలన్నది ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉంది, క్షార గుణం ఎంత ఉంది అన్న రెండిటినీ బట్టి మారుతుంది. పరీక్ష చేయకుండా చారెడు పటిక వేస్తే ఫ్లోరైడ్ సరిగా దిగదు, పైగా అల్యూమినియం మిగిలిపోవచ్చు. మూడు రోజుల నోటీసులో దాన్ని రాస్తే కొత్త ప్రమాదం తెచ్చినట్టే. అసలు పేరాలో లేనిదాన్ని తిరగరాసేవాళ్లు చేర్చకూడదు కూడా.

దేవరకొండ వాసి:
చేర్చడం సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్నా, రెండోదాంట్లో ఎముకలు వంకర పోతాయన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? అసలు నోటీసులో లేదే. మూడు రోజులు తాగితే ఎముకలు వంగవు. అది ఏళ్ల తరబడి తాగితే వచ్చే జబ్బు. మా నాయన భగీరథ నీళ్లు రాకముందు జీవితమంతా బోరింగు నీళ్లే తాగాడు. ఆయనకు ఈ నోటీసు చదివి వినిపిస్తే నవ్వుతాడు, 'నలభై ఏళ్లు తాగిన నాకు లేనిది మూడు దినాలకే వస్తదా' అంటాడు. ఆ ఒక్క లైనుతో మిగతా ఆరు లైన్ల మీద నమ్మకం పోతుంది. ఇంకోటి, ఊళ్లో నిజంగా ఆ జబ్బుతో మంచం పట్టినవాళ్లు ఉంటే, మైకులో ఆ మాట వాళ్ల ఇంటి ముందు చదవాలా?

చండూరు పోరడు:
భయం లేకపోతే ఎవరు వింటారన్నా? జాగ్రత్త పడండి అంటే చెవిన పెట్టరు.

దేవరకొండ వాసి:
చేయొద్దు అని గట్టిగా చెప్పడం వేరు, లేని ముప్పు చెప్పి భయపెట్టడం వేరు. తాగొద్దు అన్న మాట ఒంటరిగానే గట్టిగా ఉంది.

నకిరేకల్ టీచరమ్మ:
నేను నిన్న సాయంత్రం రెండూ విడివిడి కాగితాల మీద రాసి మా వాడకట్టులో ఇద్దరు ఆడవాళ్లకు చెరొకటి ఇచ్చాను. ఏది బాగుంది అని అడగలేదు, అట్లా అడిగితే అందరూ నమస్కారం ఉన్నదాన్నే బాగుందంటారు. 'మరి 12 పొద్దున చాయ్ ఏ నీళ్లతో పెడతావు?' అని అడిగాను. ఒకటోది చదివినామె, 'ట్యాంకర్ ఏడింటికి గదా మేడమ్, మా ఆయన ఆరింటికే పోతడు, ఆ ఒక్క పూటకు బోరు నీళ్లే మరగబెట్టి పెడత, వీలైనంత వరకు అనే రాసిన్రు గదా' అంది. ఆమె చదవడంలో తప్పేమీ లేదు. ఆ వాక్యమే సందు ఇచ్చింది. రెండోది చదివినామె కొంచెం ఆలోచించి, ముందు రోజే నల్లా నీళ్లు బిందె నింపి పెట్టుకుంటానంది. ఇద్దరితో ఊరంతా తేలదని నాకూ తెలుసు, అయినా వాక్యం ఎక్కడ జారుతుందో కనిపించింది.

పద్యాల సారు:
ముందు రోజే పట్టుకోండి అన్న మాట రెండిట్లోనూ లేదు కదమ్మా. అది ఆమె తెలివి. దాన్ని రెండో పేరా ఖాతాలో వేస్తే ఎట్లా?

నకిరేకల్ టీచరమ్మ:
నిజమే సార్, ఆ మాట రెండిట్లోనూ లేదు. చాయ్ పెట్టొద్దు అని సూటిగా ఉండబట్టి ఆమె వేరే దారి వెతికింది. మొదటామెకు వెతకాల్సిన పని పడలేదు.

పాత ఇంజినీరు:
1.5 అంకె గురించి ఎవరూ మాట్లాడలేదు. రెండు తిరగరాతలూ దాన్ని తీసేశాయి. నాకు మొదట మనసొప్పలేదు, తాగునీటికి మన దేశ ప్రమాణంలో వేరే నీళ్లు దొరకనప్పుడు ఒప్పుకునే హద్దు అది, మామూలుగా కోరేది 1 మాత్రమే. కానీ ఈ ఉద్దేశానికి ఆ అంకెతో పనిలేదు. ఇంట్లో ఎవరూ కొలవలేరు, రంగూ రుచీ చూసి పోల్చుకోనూ లేరు. ఆఫీసు ఫైల్లో ఉంటే చాలు. అంటే తీసేసినదంతా తప్పు కాదు. అంకె తీసేస్తే చదివే మనిషి చేసే పని మారదు, వంటా మరిగించడమూ తీసేస్తే మారుతుంది.

పద్యాల సారు:
సరే, వంట మాట పోవడం పెద్ద లోటే, ఒప్పుకుంటాను. కానీ స్నానానికి, బట్టలకు వాడుకోవచ్చని రెండోది సొంతంగా చేర్చింది కదా. ఎముకల మాట తప్పయితే ఇది ఒప్పెట్లా అయింది?

పాత ఇంజినీరు:
మంచి ప్రశ్న సార్. త్రాగుటకు, వంటకు వినియోగించరాదు అన్నప్పుడే మిగతావాటికి అడ్డు లేదన్న అర్థం అందులో ఉంది. ఒంటికి తగిలితే ఫ్లోరైడ్ లోపలికి పోయేదేమీ ఉండదు, విషయం కూడా సరైనదే. పైగా ఆ లైను లేకపోతే ట్యాంకర్ నీళ్లతో బట్టలు ఉతికేస్తారు, చివర ఉన్న ఇళ్లకు తాగడానికి మిగలవు. అయినా అసలు రాసినవాళ్లను ఒక మాట అడిగి పెట్టడమే పద్ధతి. ఎముకల మాటకు అసలు పేరాలో ఆధారమూ లేదు, మూడు రోజుల లెక్కలో నిజమూ కాదు.

మిర్యాలగూడ చాయ్:
మరి డబ్బా నీళ్ల సంగతి? మా చుట్టాల ఊళ్లో సగం మంది ఆర్‌ఓ ప్లాంటు డబ్బానే తెచ్చుకుంటారు. ఆ ప్లాంటు నడిచేది కూడా బోరు మీదే. నోటీసు చదివి అవీ తాగొద్దా అని అడుగుతారు.

పాత ఇంజినీరు:
మెంబ్రేన్ బాగుంటే ఆర్‌ఓ ఫ్లోరైడ్‌ను తగ్గిస్తుంది. ఆ ఊరి ప్లాంటు ఎట్లా ఉందో నీళ్లు పరీక్ష చేయకుండా నేను చెప్పలేను, నోటీసు రాసేవాళ్లూ చెప్పలేరు. అసలు పేరాలోనే ఆ సంగతి లేదు.

చండూరు పోరడు:
అయితే రెండోదే పంపుతున్నా. అది మొరటుగా ఉన్నా వాళ్లు అడిగిన పని చేస్తుంది. ఒకటోది చదవడానికి బాగుంది గానీ అడిగినదాంట్లో సగమే చెప్పి, ఆ సగానికీ వీలైనంత వరకు అని సడలింపు ఇచ్చింది. ఎముకల లైను కొట్టేస్తున్నా, భయం ఉండాలనే నాకు ఇప్పటికీ అనిపిస్తున్నా దేవరకొండ అన్న వాళ్ల నాయన మాటకు నా దగ్గర జవాబు లేదు. స్నానం, బట్టల లైను కార్యదర్శిని అడిగి ఉంచుతా, డబ్బా నీళ్ల మాట కూడా ఆయననే అడుగుతా.

పద్యాల సారు:
మైకులో చదివేటప్పుడైనా ముందు నమస్కారం పెట్టించు నాయనా.

చండూరు పోరడు:
పెట్టిస్తా సార్. మైకు మొదలైన సంగతి తెలిసి జనం చెవి పెట్టడానికైనా పనికొస్తుంది.