ఫాదర్స్ డే మెయిల్: పాత జోకులు లేకుండా ఎలా రాయాలి?

షేవింగ్ కిట్లు అమ్మే ఒక బ్రాండ్‌కి ఫాదర్స్ డే మెయిల్ రాస్తున్నాను. బ్రష్, క్రీమ్, షేవింగ్ తర్వాత రాసుకునే బామ్, అంతే కిట్. టీవీ రిమోట్ వదలని నాన్న, వంటగదిలో తికమకపడే నాన్న, మీసం మెలేసే నాన్న, వీళ్లెవరూ వద్దనుకున్నాను. నిజం చెప్పాలంటే అలాంటి మెయిల్స్ చదివితే నాకు బాధేస్తుంది.

ప్రస్తుతం సబ్జెక్ట్ లైన్ ఇది: ‘నాన్న చర్మానికి మంట లేని షేవ్’. ఫోన్‌లో చివరి మాటలు తెగిపోకూడదని చిన్నగా ఉంచాను. లోపల మొదటి వాక్యం: ‘వయసు పెరిగేకొద్దీ చర్మం పొడిబారుతుంది, పాత ఆఫ్టర్‌షేవ్‌లోని ఆల్కహాల్ ఇంకా మండిస్తుంది. ఈ బామ్‌లో ఆల్కహాల్ లేదు.’ కొనేది పిల్లలు కాబట్టి ఇలా ఉపయోగం చెప్పడమే గౌరవమని నా నమ్మకం. కానీ క్లయింట్ ‘ఇది మందుల ప్రకటనలా ఉంది, ప్రేమ ఏది?’ అంటున్నారు.

ఆ మొదటి వాక్యంలోకి ఆప్యాయత ఎలా తేవాలి? ‘మా హీరో నాన్న’ లాంటి మాట రాకూడదు.

ఇంకొకటి. నాన్నను కోల్పోయినవాళ్లు ఈ మెయిల్స్ వద్దనుకునే లింకును వారం ముందే విడిగా పంపాలా, లేక ఇదే మెయిల్ పైభాగంలో పెడితే చాలా? ముందే పంపితేనే మంచిదనిపిస్తోంది, ఎందుకంటే దీన్ని తెరిచేసరికే వాళ్ల మనసు నొచ్చుకుంటుంది. ఇలాంటివి పంపిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.